రివ్యూయర్ మాట ఒప్పుకోలేనప్పుడు: ఒక ఫ్లోరైడ్ పేపర్ మీద వచ్చిన కామెంటుకు ఆధారాలతో జవాబు రాసే పద్ధతి

రివ్యూ కామెంట్లలో ఎక్కువ భాగానికి జవాబు రాయడం కష్టం కాదు. అడిగింది మార్చి, ఎక్కడ మార్చామో చెబితే సరిపోతుంది. చిక్కంతా రివ్యూయర్ చెప్పింది తప్పనిపించే ఒకటి రెండు కామెంట్ల దగ్గరే. అక్కడ కొందరు భయపడి అన్నిటికీ తలూపి పేపరును పాడుచేసుకుంటారు. ఇంకొందరు కోపంతో రాసి ఎడిటర్ దగ్గర మాట పోగొట్టుకుంటారు. అలాంటి ఒక్క కామెంటును తీసుకుని మొదటి నుంచి చివరిదాకా ఎలా నడిపించాలో ఇక్కడ చూద్దాం.

నల్గొండ జిల్లాలో పరిశోధన అనగానే గుర్తొచ్చే విషయమే ఉదాహరణగా పెట్టుకుందాం. ఒక స్కాలర్ మర్రిగూడ, మునుగోడు మండలాల్లో 48 బోర్ల నీళ్లు తీసుకున్నారు. వానాకాలానికి ముందొకసారి, తర్వాత ఒకసారి, మొత్తం 96 శాంపిళ్లు. ఫ్లోరైడును అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడుతో కొలిచారు. కాల్షియం తక్కువగా ఉన్న బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉందన్నది పేపర్ చెప్పే ముఖ్యమైన మాట. ఈ పేపరూ, ఇందులోని కొలతలూ లెక్క చూపడానికి కల్పించినవి. వాటి వెనకున్న రసాయన శాస్త్రం మాత్రం అసలుదే.

రెండో రివ్యూయర్ మూడో కామెంటు ఇది:

"ఫ్లోరైడును ఎలక్ట్రోడుతో కొలిచారు. కఠినత్వం, బైకార్బొనేట్ ఇంత ఎక్కువున్న నీళ్లలో ఈ పద్ధతి నమ్మదగినది కాదు. శాంపిళ్లన్నిటినీ అయాన్ క్రొమటోగ్రఫీతో మళ్లీ కొలవాలి. అప్పటివరకు కాల్షియం, ఫ్లోరైడ్ సంబంధం గురించి చెప్పిన నిర్ధారణను అంగీకరించలేం."

కామెంటును మూడు ముక్కలు చేయండి

మెయిల్ వచ్చిన రోజు జవాబు రాయకండి. కామెంట్లన్నీ ఒక ఫైల్లోకి కాపీ చేసి, ప్రతిదానికీ నంబరు వేసి వదిలేయండి. మర్నాడు పై కామెంటు లాంటిది తీసుకుని విడగొట్టండి. ఇందులో మూడు వేర్వేరు విషయాలున్నాయి. ఎలక్ట్రోడుతో కొలిచారనేది వాస్తవం, దాని గురించి వాదన లేదు. కఠినత్వం వల్ల రీడింగ్ తప్పు రావచ్చనేది అనుమానం. 96 శాంపిళ్లూ మళ్లీ కొలవాలనేది డిమాండు.

చాలామంది డిమాండును చూసి ఉలిక్కిపడి అనుమానాన్ని కూడా కలిపి తోసిపుచ్చుతారు. మెషీను మన దగ్గర లేదు, బయట చేయిస్తే ఖర్చు, శాంపిళ్లు ఎప్పుడో పారబోశాం అని రాస్తారు. అవన్నీ నిజమే కావచ్చు గానీ, ఒక్కటీ రివ్యూయర్ ప్రశ్నకు జవాబు కాదు. ఆయన అడిగింది కొలత సరైనదా కాదా అని. మీరు చెప్పింది మళ్లీ కొలవడం మీకు కష్టమని. ఎడిటర్ ఈ తేడాను వెంటనే పట్టేస్తారు.

కాబట్టి మొదట ఒక వాక్యం మీకోసం రాసిపెట్టుకోండి: "అనుమానం న్యాయమైనదే, పరీక్షించి చూపిస్తాం, దాన్ని తీర్చడానికి అన్నీ మళ్లీ కొలవాల్సిన పని లేదు." మీ విభేదం ఈ వాక్యంలోని చివరి భాగం గురించే. జవాబు రాస్తున్నంతసేపూ ఈ హద్దు దాటకూడదు.

రివ్యూయర్ మాటే నిజమైతే ఏం కనిపించాలి?

మీ పక్షం వాదించే ముందు ఒక గంటసేపు ఆయన పక్షాన కూర్చోండి. ఎలక్ట్రోడు తప్పు చూపించాలంటే అది ఏ దారిన జరగాలి?

ఫ్లోరైడ్ ఎలక్ట్రోడు నీటిలో విడిగా తిరిగే ఫ్లోరైడ్ అయాన్లను మాత్రమే గుర్తిస్తుంది. అల్యూమినియం, ఇనుము లాంటివి ఫ్లోరైడును పట్టుకుని ఉంటే ఆ భాగం దానికి కనబడదు, రీడింగ్ తగ్గుతుంది. పీహెచ్ బాగా ఎక్కువైతే హైడ్రాక్సైడును కూడా ఫ్లోరైడ్ అనుకుంటుంది, రీడింగ్ పెరుగుతుంది. ఈ రెండు ఇబ్బందుల కోసమే టిసాబ్ ద్రావణం కలుపుతాం. సాధారణంగా శాంపిలూ టిసాబూ సమాన పాళ్లలో, అంటే 10 మి.లీ. శాంపిలుకు 10 మి.లీ. టిసాబ్. అది పీహెచ్‌ను 5, 5.5 మధ్య నిలబెడుతుంది, అయానిక్ స్ట్రెంత్‌ను అన్ని శాంపిళ్లలో ఒకే తీరుగా ఉంచుతుంది. అందులోని సీడీటీఏ అనే రసాయనం అల్యూమినియాన్నీ ఇనుమునూ తనవైపు లాక్కుని ఫ్లోరైడును విడిపిస్తుంది.

ఇంతవరకు చూస్తే రివ్యూయర్‌ది అనవసర భయమే అనిపిస్తుంది. కానీ ఇంకో మెట్టు దిగండి. నీటి కఠినత్వానికి కారణమైన మెగ్నీషియం, కాల్షియం కూడా ఫ్లోరైడును కొద్దిగా పట్టుకుంటాయి. కాల్షియం ఎక్కువున్న శాంపిళ్లలో ఎలక్ట్రోడు తక్కువ చూపిస్తోందనుకోండి. అప్పుడు "కాల్షియం ఎక్కువున్నచోట ఫ్లోరైడ్ తక్కువ" అన్న మీ నిర్ధారణ నేలలో జరిగింది కాదు, బీకరులో జరిగింది అవుతుంది. ఇదీ రివ్యూయర్ అసలు అనుమానం. ఆయన దాన్ని ఒక్క ముక్కలో చెప్పి వదిలేశారు. ఆయన మాటను ఆయనకన్నా స్పష్టంగా చెప్పగలిగినప్పుడు మాత్రమే మీ జవాబు నిలబడుతుంది.

ఇప్పుడు ఆ తప్పు ఎంత పెద్దదై ఉండాలో లెక్క వేయండి. మన ఉదాహరణలో కాల్షియం తక్కువున్న బోర్లలో సగటు ఫ్లోరైడ్ లీటరుకు 2.9 మి.గ్రా., కాల్షియం ఎక్కువున్న బోర్లలో 1.1 మి.గ్రా. అనుకుందాం. నిజానికి రెండు చోట్లా 2.9 ఉండి, ఎలక్ట్రోడు లోపం వల్లే రెండోచోట 1.1 కనబడిందని చెప్పాలంటే, అది నూటికి 62 పాళ్ల ఫ్లోరైడును చూడకుండా వదిలేయాలి. మామూలు బోరు నీటిలో ఉండే మెగ్నీషియం, కాల్షియం పట్టుకునేది కొద్ది శాతమే. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టడమే జవాబుకు వెన్నెముక. "మా పద్ధతిలో తప్పే లేదు" అని ఎవరూ రుజువు చేయలేరు. ఉన్న తప్పు మీ ఫలితాన్ని పుట్టించగలిగేంత పెద్దది కాదని మాత్రం రుజువు చేయవచ్చు.

ఆధారం: ఏది పనికొస్తుంది, ఏది రాదు

అన్నిటికన్నా చవకైన ఆధారం స్పైక్ రికవరీ. తెలిసిన మోతాదులో ఫ్లోరైడును శాంపిల్లోకి కలిపి, కలిపినదంతా రీడింగులోకి తిరిగి వచ్చిందా అని చూడటం. మెగ్నీషియమో కాల్షియమో ఫ్లోరైడును దాచేస్తుంటే, కలిపిన ఫ్లోరైడులో కూడా అదే వంతు దాచేస్తుంది, రికవరీ పడిపోతుంది.

ఒక శాంపిల్ లెక్క దగ్గరగా చూద్దాం. లీటరుకు 100 మి.గ్రా. ఫ్లోరైడ్ ఉన్న స్టాండర్డును 1 మి.లీ. తీసుకుని, 100 మి.లీ. వాల్యూమెట్రిక్ ఫ్లాస్కులో పోసి, గీత దాకా శాంపిల్ నీళ్లతో నింపండి. సరిగ్గా లీటరుకు 1 మి.గ్రా. కలిసినట్టు. శాంపిల్లో అసలు 1.80 ఉందనుకుంటే, ఫ్లాస్కులో శాంపిల్ 99 వంతులే కాబట్టి దాని వాటా 1.782 అవుతుంది. స్పైక్ తర్వాత రీడింగ్ 2.74 వచ్చిందనుకోండి:

```
రికవరీ % = (2.74 − 1.782) ÷ 1.00 × 100 = 95.8
```

1.782కు బదులు 1.80 తీసేస్తే 94 వస్తుంది. తేడా చిన్నదే, కానీ ఈ సవరణ చేయలేదని రివ్యూయర్ గమనిస్తే మిగతా లెక్కల మీద కూడా నమ్మకం పోతుంది.

ఏ శాంపిళ్లను ఎంచుకుంటారన్నది ఇంకా ముఖ్యం. ఏవో ఎనిమిది తీసుకుని సగటు రికవరీ 98 శాతం అని రాస్తే ప్రశ్నకు జవాబు రాదు. అనుమానం కాల్షియం గురించి కాబట్టి, కాల్షియం అన్నిటికన్నా తక్కువున్నవి నాలుగు, అన్నిటికన్నా ఎక్కువున్నవి నాలుగు తీసుకుని విడివిడిగా చూపించాలి. మన ఉదాహరణలో మొదటి నాలుగింటిలో రికవరీ 96 నుంచి 103 శాతం, రెండో నాలుగింటిలో 94 నుంచి 101 శాతం. 62 శాతం ఫ్లోరైడ్ మాయమవుతుంటే రెండో గుంపులో 38 దగ్గర రావాలి. చదివేవాళ్లకు ఇక వేరే వివరణ అక్కర్లేదు.

స్పైక్ రికవరీకి ఒక పరిమితి ఉంది, దాన్ని మీరే ముందుగా చెప్పండి. వంతు ప్రకారం వచ్చే తప్పును అది పట్టుకుంటుంది. ప్రతి రీడింగుకూ ఒకే మొత్తం అదనంగా కలిసే తప్పును, ఉదాహరణకు హైడ్రాక్సైడ్ వల్ల పెరిగే రీడింగును, అది పట్టుకోలేదు. దానికి టిసాబ్ కలిపిన తర్వాత పీహెచ్ ఎంతుందో కొలిచి చూపాలి, ముఖ్యంగా బైకార్బొనేట్ బాగా ఎక్కువున్న శాంపిళ్లలో. అది 5.5 దాటకపోతే ఆ దారి మూసుకున్నట్టే.

రెండో ఆధారం పోలిక. 96 శాంపిళ్లూ అక్కర్లేదు, పన్నెండు చాలు. కానీ పాత సీసాలు తీయకండి. ఫ్లోరైడ్ శాంపిలును ప్లాస్టిక్ సీసాలో ఉంచుకునే గడువు ప్రామాణిక పద్ధతుల ప్రకారం 28 రోజులు. ఏడాది కిందటి సీసాలో కాల్షియం కార్బొనేటుగా అడుగున పేరుకుని ఉండవచ్చు. అందుకే కాల్షియం తక్కువ నుంచి ఎక్కువ దాకా వరుసలో పన్నెండు బోర్లు ఎంచుకుని, మళ్లీ పోయి, మోటరు కొన్ని నిమిషాలు ఆడించిన తర్వాత నీళ్లు పట్టి, ఒకే సీసాలోని నీటిని రెండు భాగాలు చేసి ఒకటి ఎలక్ట్రోడుతో, ఒకటి వేరే ల్యాబులో క్రొమటోగ్రఫీతో కొలిపించండి.

ఆ ఫలితాలను చూపే తీరులో తరచూ పొరపాటు జరుగుతుంది. రెండు పద్ధతుల మధ్య కోరిలేషన్ 0.99 అని రాసి ఊరుకుంటారు. ఒక పద్ధతి ప్రతిసారీ సగమే చూపించినా కోరిలేషన్ 0.99 రాగలదు. ఇవ్వాల్సింది తేడా: ప్రతి శాంపిలుకూ ఒక పద్ధతి విలువలోంచి ఇంకోదాన్ని తీసేసి, ఆ తేడాను కాల్షియం మీద గ్రాఫు గీయండి. చుక్కలు సున్నా గీతకు అటూ ఇటూ అడ్డంగా పరుచుకుంటే మీ మాట నిలిచింది. కాల్షియం పెరిగేకొద్దీ తేడా ఒకవైపు జారుతుంటే రివ్యూయర్ మాట నిజమైంది. అప్పుడు ఈ వాదన ఆపేసి, ఆయన అడిగినట్టే చేయాలి. మన ఉదాహరణలో తేడాలు లీటరుకు −0.09 నుంచి +0.11 మి.గ్రా. మధ్య ఉన్నాయి, కాల్షియంతో ఏ వాలూ లేదు అనుకుందాం.

పనికిరాని ఆధారాల్లో మొదటిది చార్జ్ బ్యాలెన్స్. నీటి నాణ్యత పేపర్లలో దీన్ని అన్నిటికీ మందులా వాడతారు. ధనావేశం, రుణావేశం 5 శాతం లోపు సరిపోయాయి కాబట్టి కొలతలన్నీ సరైనవే అని రాస్తారు. ఫ్లోరైడ్ విషయంలో ఇది చెల్లదు. లీటరుకు 2 మి.గ్రా. ఫ్లోరైడ్ అంటే 0.105 మిల్లీ ఈక్వివలెంట్లు. అదే నీటిలో 400 మి.గ్రా. బైకార్బొనేట్ ఒక్కటే 6.5కు పైన ఉంటుంది. ఫ్లోరైడ్ అంకె సగానికి సగం తప్పినా బ్యాలెన్సు కదిలేది ఒక శాతం కన్నా తక్కువే. తెలిసిన రివ్యూయర్‌కు ఈ ఆధారం చూపిస్తే చేజేతులా కష్టం తెచ్చుకున్నట్టు.

రెండోది "ఇదే పద్ధతిని ఎంతోమంది వాడారు" అన్న వాక్యం, దాని వెనక పది పేపర్ల జాబితా. పద్ధతి ఆమోదం పొందిందని చూపడానికి అమెరికాలో వెలువడే ఏపీహెచ్ఏ ప్రామాణిక పద్ధతుల గ్రంథంలో ఎలక్ట్రోడు పద్ధతికి సొంత సంఖ్య ఉందని (4500-F⁻ C) ఒక్క మాట చెబితే చాలు. మీ నీటిలో, మీ చేతిలో అది సరిగ్గా పనిచేసిందా అన్నది మీ కొలతలే చెప్పాలి.

ఒక చిన్న హెచ్చరిక. ఎలక్ట్రోడు రీడింగులో 1 మిల్లీవోల్టు తేడా అంటే ఫ్లోరైడులో దాదాపు 4 శాతం తేడా. నల్గొండ ఎండాకాలంలో ఏసీ లేని ల్యాబులో, ఫ్రిజ్‌లోంచి తీసిన శాంపిలునూ బల్ల మీదున్న స్టాండర్డునూ వెంటవెంటనే కొలిస్తే ఆ మాత్రం తేడా సులువుగా వస్తుంది. స్పైక్ చేసే రోజున అన్నీ ఒకే ఉష్ణోగ్రతకు వచ్చేదాకా ఆగండి. లేకపోతే మీ పద్ధతిని కాపాడాల్సిన ఆధారమే దాన్ని ముంచుతుంది.

జవాబు రాయడం

ముందు సాధారణంగా వచ్చే జవాబు చూడండి:

"గౌరవనీయులైన రివ్యూయర్ గారి విలువైన సూచనకు ధన్యవాదాలు. అయితే ఎలక్ట్రోడు పద్ధతి ప్రపంచమంతా వాడుతున్నదే అని దయచేసి గమనించగలరు. ఈ విషయం పేపర్లో ఇప్పటికే చెప్పాం. మా సంస్థలో క్రొమటోగ్రఫీ సౌకర్యం లేదు. కాబట్టి మార్పు చేయలేదు."

మాటల్లో మర్యాదకు లోటు లేదు. కానీ చదివినవాళ్లకు తలుపు మూసిన చప్పుడే వినబడుతుంది. అనుమానం ఏమిటో చెప్పలేదు, పరీక్షించలేదు, పేపర్లో ఒక్క అక్షరం మార్చలేదు. "ఇప్పటికే చెప్పాం" అనేది మరీ ప్రమాదం. రివ్యూయర్‌కు కనబడలేదంటే రేపు పాఠకుడికి కూడా కనబడదు. అక్కడ వాక్యాన్ని సరిచేసి, సరిచేశామని చెప్పాలి.

ఇప్పుడు మనం సమకూర్చుకున్న ఆధారాలతో:

"కఠినత్వం ఎక్కువున్న శాంపిళ్లలో ఎలక్ట్రోడు ఫ్లోరైడును తక్కువగా చూపితే, మేము చెప్పిన కాల్షియం–ఫ్లోరైడ్ సంబంధం కొలత లోపం వల్లే కనబడి ఉండవచ్చు. దీన్ని మొదటి ప్రతిలో మేము పరీక్షించలేదు. ఈ సవరణ సమయంలో రెండు విధాలుగా పరీక్షించాం.

మొదటిది, కాల్షియం అతి తక్కువ, అతి ఎక్కువ ఉన్న నాలుగేసి శాంపిళ్లలో స్పైక్ రికవరీ వరుసగా 96–103, 94–101 శాతం. గమనించిన తేడా (లీటరుకు 2.9, 1.1 మి.గ్రా.) కొలత లోపం వల్లే రావాలంటే రెండో గుంపులో రికవరీ 40 శాతం లోపు ఉండాలి. రెండోది, పన్నెండు బోర్ల నుంచి కొత్తగా తీసుకున్న నీటిని రెండు పద్ధతులతోనూ కొలిచాం. తేడాలు −0.09 నుంచి +0.11 మి.గ్రా. మధ్య ఉన్నాయి, కాల్షియంతో పాటు మారలేదు.

ఈ కారణాల వల్ల 96 శాంపిళ్లనూ మళ్లీ కొలిచినా నిర్ధారణ మారదని భావిస్తున్నాం, ఎలక్ట్రోడు విలువలనే ఉంచాం. పోలిక పట్టికను అనుబంధంలో చేర్చాం. పద్ధతుల విభాగంలో టిసాబ్ పాళ్లు, కలిపిన తర్వాతి పీహెచ్ ఇచ్చాం. పద్ధతుల మధ్య 0.1 మి.గ్రా. మేర తేడా ఉండవచ్చు కాబట్టి, 1.5 హద్దుకు అంత దగ్గరగా ఉన్న ఐదు బోర్లను హద్దు దాటినవిగా ఇకపై లెక్కించడం లేదు (వరుసలు 143–158, 231–234)."

ఇందులో పని చేసే చోట్లు కొన్ని ఉన్నాయి. మొదటి వాక్యం పొగడ్త కాదు, రివ్యూయర్ అనుమానాన్ని ఆయన కన్నా పదునుగా చెప్పడం. దాంతో ఆయనను అర్థం చేసుకున్నారని తెలుస్తుంది. రెండో వాక్యంలో ఒక లోటు ఒప్పుకున్నారు. స్పైకులు ఇప్పుడు చేసి, అప్పుడే చేసినట్టు రాయడం మోసం, అంతేకాదు ల్యాబ్ నోట్‌బుక్ తేదీలు అడిగితే దొరికిపోయే మోసం. "విభేదిస్తున్నాం" అన్న మాట ఎక్కడా లేదు. విభేదం "ఎలక్ట్రోడు విలువలనే ఉంచాం" అన్న చోట, ఆధారాల తర్వాత వచ్చింది. "వుయ్ రెస్పెక్ట్‌ఫుల్లీ డిసగ్రీ" అని మొదలుపెట్టడం తప్పేమీ కాదు, కానీ ఆ మాట చూడగానే చదివేవాళ్లు గొడవకు సిద్ధమై చదువుతారు.

చివరి ముక్క అన్నిటికన్నా విలువైనది. తాగునీటికి బీఐఎస్ 10500 ప్రమాణంలో ఫ్లోరైడ్ ఆమోదయోగ్య హద్దు 1.0, వేరే నీళ్లు దొరకనప్పుడు అనుమతించే హద్దు 1.5 మి.గ్రా. కాల్షియంతో సంబంధానికి 0.1 తేడా లెక్కలోనిది కాదు. కానీ ఏ బోరు 1.5 దాటింది, ఏది దాటలేదు అని చెప్పేటప్పుడు అదే 0.1 పెద్దదవుతుంది. రివ్యూయర్ అడగకపోయినా, ఆయన కామెంటు ఎక్కడ నిజంగా తగులుతుందో మీరే వెతికి అక్కడ వెనక్కి తగ్గారు. దాంతో వెనక్కి తగ్గని చోట మీ మాటకు బరువొస్తుంది.

క్రొమటోగ్రఫీలో కూడా లోపాలున్నాయని, ఫ్లోరైడ్ పీక్ తొందరగా, నీటి డిప్ పక్కనే వస్తుందని, చిన్న సేంద్రియ ఆమ్లాలతో కలిసిపోవచ్చని రాయాలనిపిస్తుంది. నిజమే, కానీ ఇక్కడ రాయకండి. మీ రెండు పద్ధతులూ సరిపోలాయి కాబట్టి ఆయన మెచ్చిన పద్ధతిని తక్కువ చేయాల్సిన అవసరం లేదు.

ఒప్పుకోవాల్సిన చోట

అదే రివ్యూయర్ ఇంకో కామెంటులో ఇలా అన్నారనుకోండి: "ఈ ఊళ్లకు ఇప్పుడు నల్లా నీళ్లు వస్తున్నాయి. బోరు నీటి ఫ్లోరైడును ప్రజల ఆరోగ్య ముప్పుగా ఎలా చూపిస్తారు?" నల్గొండవాళ్లకు ఇది గుచ్చుకునే ప్రశ్న. వంగిపోయిన కాళ్లు చూసి పెరిగిన ప్రాంతం నుంచి వచ్చిన స్కాలర్‌కు దీని మీద పేజీలకు పేజీలు రాయాలనిపించడం సహజం. కానీ రివ్యూయర్ చెప్పింది సరైనది. మిషన్ భగీరథ నీళ్లు ఇళ్లకు చేరిన తర్వాత, ఎవరు ఏ నీళ్లు తాగుతున్నారో అడగకుండా బోరు అంకెల నుంచి ముప్పు లెక్కగడితే అది ఊహే అవుతుంది. ఇప్పుడు కనిపిస్తున్న ఎముకల ఫ్లోరోసిస్ ఏళ్ల తరబడి తాగిన పాత నీటి ఫలితం, దాన్ని ఇవాళ్టి శాంపిలుకు ముడిపెట్టలేం.

ఇక్కడ పేపర్లో ముప్పు లెక్కగట్టిన సూచిక పట్టిక ఉంటే తీసేయండి. లేదా "ఈ నీటినే తాగితే" అన్న షరతు పట్టిక శీర్షికలోనే పెట్టండి. బోరు నీటిని పశువులకూ పొలానికీ వాడుతున్నారని సర్వేలో అడిగి ఉంటే అదే రాయండి. జవాబులో రెండు వాక్యాలు చాలు. ఒక రివ్యూయర్‌కు ఇచ్చిన జవాబుల్లో నికరంగా ఒప్పుకున్నవి కొన్ని కనబడితేనే ఎడిటర్ మీ ఒక్క విభేదాన్ని మొండితనంగా కాకుండా తీర్పుగా చూస్తారు. ఆ కొన్నిటిని లెక్క కోసం కల్పించకూడదు, నిజంగా ఒప్పుకోదగినవై ఉండాలి.

మూడేళ్లు శాంపిళ్లు తీయాల్సింది అన్న తరహా కామెంటుకు దారి వేరు. ఆధారం తెచ్చి గెలవలేరు, అలాగని పేపర్ పారేయక్కర్లేదు. మీ వాక్యాన్ని కుదించండి. "వానాకాలం తర్వాత ఫ్లోరైడ్ తగ్గుతుంది" అన్నది "ఈ ఏడాది ఈ 48 బోర్లలో తగ్గింది" అవుతుంది. ఫలానా ఐదు పేపర్లను ఉటంకించమని అడిగి, ఆ ఐదూ ఒకే బృందానివై, మీ విషయానికి పొంతన లేకపోతే, సంబంధమున్న ఒకటి ఉంటే చేర్చండి, మిగతా విషయం రివ్యూయర్‌కు కాదు, ఎడిటర్‌కు రాసే లేఖలో నిందలు లేకుండా చెప్పండి.

ఇంగ్లిషు, వరుసల నంబర్లు, ఎడిటర్ లేఖ

జవాబును చివరికి ఇంగ్లిషులో పంపుతారు. మన అలవాటు ఇంగ్లిషులో "కైండ్లీ నోట్", "ఇట్ ఈజ్ టు బి నోటెడ్" అన్నవి మర్యాదగా అనిపిస్తాయి. అవతలివాళ్లకు మాత్రం ఆదేశాల్లా వినబడతాయి. వాటిని కొట్టేసి నేరుగా విషయం రాయండి. ప్రతి జవాబు ముందు ధన్యవాదాలు కూడా వద్దు, మొత్తానికి ఒకసారి చాలు.

రివ్యూయర్ వాక్యాలను ఒక్క అక్షరం మార్చకుండా పూర్తిగా కాపీ చేయండి. సంక్షిప్తం చేస్తే మీకు ఇబ్బందైన భాగం వదిలేశారనే అనుమానం వస్తుంది. మార్చిన వాక్యాన్ని జవాబులోనే అతికించండి, పేపర్ తెరవకుండానే ఆయనకు కనబడాలి. వరుసల నంబర్లు అన్నిటికన్నా చివర వేయండి. ట్రాక్ చేంజెస్ ఉన్న ప్రతిలో 143 అన్నది శుభ్రమైన ప్రతిలో 131 అవుతుంది. ఏ ప్రతి నంబర్లో మొదటి పేజీలో చెప్పండి. ఎవరో ఒక సహరచయిత ఆఖరి నిమిషంలో ఒక పేరా చేర్చడం, నంబర్లన్నీ జారిపోవడం ప్రతిసారీ జరిగేదే. అందుకే `Response_to_Reviewers.docx` తయారయ్యాక పేపర్ ఫైలును ఎవరూ ముట్టుకోవద్దని గైడు గారితో సహా అందరికీ చెప్పేయండి.

ఎడిటర్ లేఖ అర పేజీ దాటకూడదు. అందులో ఒప్పుకోని కామెంటు ఏదో ముందే చెప్పండి: "రెండో రివ్యూయర్ మూడో కామెంటులో అడిగినట్టు శాంపిళ్లన్నిటినీ మళ్లీ కొలవలేదు, దానికి బదులు రికవరీ, పన్నెండు శాంపిళ్ల పోలిక ఇచ్చాం." ఎడిటర్ తనంతట తానే వెతికి కనుక్కుంటే దాచినట్టు ఉంటుంది. బోర్ల దగ్గరకు మళ్లీ వెళ్లడానికి, బయటి ల్యాబు రిపోర్టుకు గడువు చాలదనిపిస్తే, గడువు తీరకముందే ఎన్ని వారాలు కావాలో, ఎందుకో చెప్పి అడగండి. కొత్త కొలతల కోసం అడిగితే చాలా జర్నళ్లు ఇస్తాయి.

రెండో రౌండులో కూడా రివ్యూయర్ అదే కామెంటు మళ్లీ రాస్తే, మొదటి జవాబును ఇంకో రకంగా తిప్పి రాయకండి. ఆయన రికవరీ పట్టికను చూసి కాదన్నారా, చూడకుండా కాదన్నారా తేల్చుకోండి. చూసి కాదంటే ఆయన చెప్పిన కొత్త కారణానికే జవాబు ఇవ్వండి. చూడనట్టుంటే పట్టికను అనుబంధంలోంచి ప్రధాన పేపర్లోకి తెచ్చి, ఆ సంగతి ఒక వాక్యంలో చెప్పి, ఈ ఒక్క విషయం మీద నీటి రసాయన విశ్లేషణ తెలిసిన మరొకరి అభిప్రాయం తీసుకోమని ఎడిటర్‌ను అడగండి.